ఇంట్లో రాయాలా, హైదరాబాద్ వెళ్ళి రాయాలా? సర్టిఫికేషన్ పరీక్షకు పేరు, కార్డు, గది సరిచూసుకునే పద్ధతి

ఏడబ్ల్యూఎస్ సర్టిఫికేషన్ పరీక్షలను పియర్సన్ వ్యూ అనే సంస్థ నిర్వహిస్తుంది. వాటిని రెండు రకాలుగా రాయొచ్చు. పరీక్షా కేంద్రానికి వెళ్ళి అక్కడి కంప్యూటర్ మీద రాయడం ఒకటి. మన ఇంట్లో మన ల్యాప్‌టాప్ మీద, కెమెరాలో పర్యవేక్షకుడు చూస్తుండగా రాయడం రెండోది. ఈ రెండో పద్ధతికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఆన్‌వ్యూ. ఫీజు రెండింటికీ ఒకటే. అందుకే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పిల్లలు చాలామంది హైదరాబాద్ ప్రయాణం తప్పుతుంది కదా అని కళ్ళు మూసుకుని ఇంటికే బుక్ చేసేస్తారు. ప్రయాణం లెక్క చివర్లో చూసుకోవాల్సింది. అంతకంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి: కార్డు మీద మీ పేరు ఎలా ఉంది, మీ ఇంట్లో కరెంటు పోతే నెట్ ఏమవుతుంది.

ఉదాహరణకు ఒక అమ్మాయిని తీసుకుందాం. హన్మకొండ భీమారంలో అమ్మానాన్నలతో, తమ్ముడితో రెండు గదుల అద్దె పోర్షన్‌లో ఉంటుంది. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ రాయాలనుకుంటోంది. 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, ఫీజు 150 డాలర్లు, దాని మీద పన్ను. ఆమె ఏ వరసలో ఏం చేస్తే ఆ డబ్బు గంగపాలు కాకుండా ఉంటుందో చూద్దాం.

మొదటి పని: పేరు

మన దగ్గర ఒకే మనిషికి మూడు నాలుగు పేర్లుంటాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై కూర్చుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి. ఇక మెయిల్ ఐడీ తెరిచిన రోజు ఏది తోస్తే అది కొట్టి ఉంటాం, పరీక్ష ఖాతాలో కూడా అదే పడి ఉంటుంది. మన అమ్మాయి కాగితాలు ముందేసుకుంటే ఇలా కనిపించాయి:

```
పాస్‌పోర్టు : Surname KOMMULA / Given Name SRAVANI
ఆధార్       : K Sravani
పరీక్ష ఖాతా : Sravani Reddy K
```

పర్యవేక్షకుడు చూసేది బుకింగ్‌లో ఉన్న పేరు, చూపించిన కార్డు మీది పేరు ఒకటేనా అన్నదే. ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్నది సాధారణంగా పెద్ద గొడవ కాదు, ఎందుకంటే బుకింగ్‌లో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది. కానీ `K` అన్న ఒక్క అక్షరానికీ `KOMMULA` అన్న పూర్తి పేరుకూ పొంతన కుదరదు. కార్డులో లేని `Reddy` ఖాతాలో ఉండటం ఇంకా చిక్కు. మన ఇళ్ళల్లో ఇవన్నీ ఒకటేనని మనకు తెలుసు. తెర అవతల కూర్చున్న మనిషి ఏ దేశంలో ఉన్నాడో తెలియదు, అతనికి మన ఇంటిపేర్ల సంగతి అసలే తెలియదు.

కాబట్టి కార్డును ఖాతాకు తగ్గట్టు మార్చే ఆలోచన వద్దు, ఖాతానే కార్డుకు తగ్గట్టు మార్చాలి. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితం మొత్తంలో రెండే అవకాశాలిస్తారు; ఒక పరీక్ష కోసం అందులో ఒకటి ఖర్చు పెట్టడం దండగ. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికేషన్ ఖాతాలో ప్రొఫైల్ తెరిచి, మొదటి పేరు గడిలో `SRAVANI`, చివరి పేరు గడిలో `KOMMULA` అని పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా పెట్టాలి. పేరును ఖాతాదారే మార్చుకునే వీలు లేదని తెర చెబితే, సహాయ విభాగానికి కార్డు వివరాలతో రాయాలి. జవాబుకు రోజులు పడుతుంది. అందుకే ఈ పని బుకింగ్ కంటే ముందు. పరీక్ష రోజు పొద్దున పేరు సరిచేయమని చాట్‌లో ఎంత బతిమాలినా వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు.

కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. ఫారమేమో చివరి పేరు లేకుండా ముందుకు కదలదు. అప్పుడు చుక్క పెట్టడం, ఉన్న పేరునే రెండుసార్లు కొట్టడం లాంటి ఉపాయాలు తోటివాళ్ళు చెబుతారు. వినకండి. సహాయ విభాగానికి రాసి, ఏ గడిలో ఏం పెట్టాలో వాళ్ళ చేతే మెయిల్‌లో చెప్పించుకోండి. ఆ మెయిల్ దాచుకుంటే రేపు పేచీ వచ్చినా చూపించడానికి ఒకటుంటుంది.

బుక్ చేశాక పియర్సన్ వ్యూ నుంచి ధృవీకరణ మెయిల్ వస్తుంది. అందులో ఉన్న పేరే అసలు లెక్క. కార్డును పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూడండి.

ఏ కార్డు చూపాలి

ప్రభుత్వం ఇచ్చినదై ఉండాలి, గడువు తీరకూడదు, అసలుదై ఉండాలి. ఫోన్‌లో డిజిలాకర్ తెరిచి చూపిస్తే మన రైలు టీసీ ఒప్పుకుంటాడు, వీళ్ళు ఒప్పుకోరు. జిరాక్సు, స్కాన్ కాపీ కూడా చెల్లవు.

పాస్‌పోర్టు ఉంటే మరో ఆలోచన లేకుండా అదే వాడండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, రెండు గడుల్లో విడిగా ఉంటుంది, ఫొటో, సంతకం, గడువు తేదీ అన్నీ ఉంటాయి, ఏ దేశపు పర్యవేక్షకుడికైనా దాన్ని ఎలా చదవాలో తెలుసు. లేకపోతే డ్రైవింగ్ లైసెన్స్. ఆధార్ మీద మన సంతకం ఉండదు, ఓటరు కార్డు మీదా ఉండదు. కేంద్రంలో రాసేటప్పుడు సంతకం ఉన్న కార్డు అడిగే పరీక్షలున్నాయి, కొన్నిటికి రెండో కార్డు కూడా అడుగుతారు. అందుకని కేంద్రానికి వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టుకు తోడు సంతకమున్న పాన్ కార్డు కూడా జేబులో వేసుకుంటే నిశ్చింత. రెండు కార్డుల మీదా పేరు ఒకేలా ఉందో లేదో అది కూడా ముందే చూసుకోవాలి. పాన్‌లో స్పెల్లింగ్ తేడా ఉన్నవాళ్ళు మనలో తక్కువేం కాదు.

లామినేషన్ చేయించిన పాత కార్డు అయితే ఇంకో ఇబ్బంది. ఇంటి పరీక్షకు కార్డును ఫోన్‌తో ఫొటో తీసి పంపాలి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే పేరు మీదే తెల్లటి మెరుపు పడుతుంది. ఫ్లాష్ ఆపి, పగటి వెలుతురులో కిటికీ పక్కన కార్డును కాస్త వంచి తీయండి. ముందు రోజే ఒకసారి తీసి, పెద్దది చేసి చూస్తే పేరు చదవడానికి వస్తుందో లేదో తెలిసిపోతుంది.

ఇంటి పరీక్షకు ముందు ఇంటికే పరీక్ష

ఆన్‌వ్యూ వెబ్‌సైట్‌లో సిస్టమ్ టెస్ట్ ఉంటుంది. మైక్, కెమెరా, నెట్ వేగం చూసి సరే అంటుంది. అది సరే అన్నది ఆ నిమిషానికి మాత్రమే. పరీక్ష రాసే ల్యాప్‌టాప్ మీద, అదే గదిలో, అదే వైఫై మీద, పరీక్ష ఏ సమయానికి పెట్టుకోవాలనుకుంటున్నారో ఆ సమయానికే దాన్ని నడపాలి. రాత్రి పదకొండుకు బాగా వచ్చిన నెట్, సాయంత్రం ఏడింటికి కాలనీ అంతా ఫోన్లు పట్టుకున్నప్పుడు అలాగే వస్తుందన్న హామీ లేదు. లైనక్స్, క్రోమ్‌బుక్, ట్యాబ్ పనికిరావు. విండోస్ గానీ మ్యాక్ గానీ కావాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ వద్దు. అందులో కంపెనీ వీపీఎన్, ఫైర్‌వాల్, మనం ఆపలేని భద్రతా ప్రోగ్రాములు ఉంటాయి. పరీక్ష సాఫ్ట్‌వేర్ వాటిని చూసి ముందుకు కదలదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద రాయడం కూడా మానుకోవాలి. వీలైతే రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు లాన్ కేబుల్ వేయండి.

ఇక అసలు పరీక్ష కరెంటుది. సిస్టమ్ టెస్ట్ నడుస్తుండగానో, ఏదో వీడియో కాల్‌లో ఉండగానో మెయిన్ స్విచ్ ఆపేయండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఫ్యాన్ ఆగదు, లైటు ఆరదు, కానీ రౌటర్ ఒక్క క్షణం తడబడి మళ్ళీ మొదటి నుంచి వెలగడం మొదలుపెట్టవచ్చు. కాల్ తెగి, నెట్ తిరిగి రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టిందంటే కారణం ఇదే. రౌటర్‌కూ, ఫైబర్ వచ్చే చిన్న డబ్బాకూ కలిపి ఒక మినీ యూపీఎస్ పెడితే ఈ తడబాటు పోతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూడాలి. చాలావాటికి 12 ఉంటుంది, కొన్నిటికి 9.

కానీ మెయిన్ స్విచ్ ఆపి చూడటంతో సగమే తెలుస్తుంది. మీ ఇంట్లో కరెంటు మీరు ఆపారు, వీధిలో ఉంది. వీధంతా పోయినప్పుడు, స్తంభం మీదో పక్క గల్లీలోనో ఉన్న ఆపరేటర్ డబ్బాకు బ్యాటరీ లేకపోతే, మీ ఇంట్లో ఎంత పెద్ద ఇన్వర్టర్ ఉన్నా నెట్ రాదు. ఇది తెలియాలంటే నిజంగా కాలనీ కరెంటు పోయిన రోజున ఫోన్ డేటా ఆపి, వైఫై మీద ఏదన్నా పేజీ తెరిచి చూడాలి. మన అమ్మాయి చూసింది. ఫ్యాన్ తిరుగుతోంది, రౌటర్ వెలుగుతోంది, నెట్ మాత్రం లేదు. భీమారం ఇల్లు అక్కడితో లెక్కలోంచి పోయింది.

లైన్ల మరమ్మతుకు కరెంటు ఆపే రోజుల్లో, ఏయే ప్రాంతాల్లో ఏ గంట నుంచి ఏ గంట దాకా సరఫరా ఉండదో ఎన్పీడీసీఎల్ ప్రకటన పత్రికల జిల్లా పేజీల్లో పడుతుంది. పరీక్ష ముందు రోజు, ఆ రోజు పొద్దున ఆ పేజీ చూడటం అలవాటు లేనివాళ్ళు కూడా చూడాలి. ఎండాకాలం గాలిదుమారాలకు మాత్రం ఏ ప్రకటనా ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం స్లాట్ తీసుకోకపోవడం మంచిది.

ఇప్పుడు ఎంపిక

నా లెక్కలో ఇల్లు ఎంచుకోవడానికి మూడు షరతులున్నాయి. లోపల గడియ పెట్టుకోగల గది ఉండాలి. వీధి కరెంటు పోయినా నెట్ నిలవాలి. పరీక్ష అయ్యేదాకా ఇంట్లో ఇంకెవరి గొంతూ ఆ గదిలోకి వినపడకూడదు. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా హైదరాబాదే నయం. మైకుల రోజులు వేరే చూసుకోవాలి. వినాయక చవితి నవరాత్రులు, బతుకమ్మ తొమ్మిది రోజులు, ఇంటి పక్కన ఫంక్షన్ హాల్ ఉంటే పెళ్ళి ముహూర్తాలు. బయటి నుంచి వచ్చే పాటకు పరీక్ష రద్దు కాకపోవచ్చు, కానీ పక్క గదిలో మనిషి మాట్లాడుతున్నట్టు వినిపిస్తే పర్యవేక్షకుడు ఊరుకోడు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. ఇంట్లో రాసేటప్పుడు విరామం ఉందని ఆ పరీక్ష నియమాల్లో స్పష్టంగా రాసి ఉంటే తప్ప కెమెరా ముందు నుంచి లేవకూడదు. కేంద్రంలో అయితే గడియారం నడుస్తూనే ఉంటుంది గానీ, చెయ్యెత్తి బాత్రూంకి వెళ్ళి రావచ్చు. ఏడబ్ల్యూఎస్‌లో మాతృభాష ఇంగ్లిష్ కాని వాళ్ళు ఇంగ్లిష్‌లో రాస్తే 30 నిమిషాలు అదనంగా ఇస్తారు. ఖాతాలో పరీక్షా సదుపాయాల కింద `ESL +30` అని ఉంటుంది; బుక్ చేయకముందే అడగాలి, బుక్ చేశాక ఆ పరీక్షకు కలవదు. మన పిల్లలకు ఇది తప్పకుండా వర్తిస్తుంది, అయినా అడిగేవాళ్ళు తక్కువ. అది తీసుకుంటే 130 నిమిషాలు 160 అవుతాయి. చెక్ ఇన్ సమయం కలుపుకుంటే మూడు గంటలకు పైనే కుర్చీలో. షుగర్ ఉన్నవాళ్ళు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు దీన్ని బట్టే కేంద్రం ఎంచుకోవచ్చు.

బుకింగ్ పేజీలో మీ ఊరు పేరు కొడితే దగ్గర్లోని కేంద్రాలు, ఖాళీ తేదీలు వస్తాయి. హైదరాబాదే పడిందనుకోండి, వరంగల్ నుంచి సుమారు 145 కిలోమీటర్లు. పొద్దున తొమ్మిది స్లాట్ తీసుకుని తెల్లవారుజామున బయల్దేరడం కంటే, మధ్యాహ్నం స్లాట్ తీసుకుని కాజీపేటలో పొద్దున రైలెక్కడం మేలు. సికింద్రాబాద్‌లో దిగినా, బస్సులో వెళ్ళి ఉప్పల్‌లో దిగినా నాగోల్–రాయదుర్గం మెట్రో లైన్ అందుతుంది. ఆదిలాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు 300 కిలోమీటర్ల దూరం. వాళ్ళు ముందు రాత్రే చేరుకోవాలి. మేడారం జాతర రోజుల్లో ఈ దారిలో పరీక్ష ప్రయాణం పెట్టుకోవద్దు.

కేంద్రంలో అరగంట ముందుంటే చాలు. ఫోన్, వాచీ, పర్సు లాకర్‌లో పెట్టిస్తారు, సంతకం, ఫొటో తీసుకుంటారు, చెరిపి రాసుకునే పలక ఒకటి ఇస్తారు. ఇంట్లో రాస్తే కాగితం, పెన్ను ఉండవు. తెర మీది వైట్‌బోర్డులో మౌస్‌తో గీసుకోవాలి. బొమ్మలు వేసుకుంటూ ఆలోచించేవాళ్ళకు ఇది తేడానే.

మన అమ్మాయి మూడో దారి పట్టింది. హన్మకొండలోనే పెద్దమ్మ వాళ్ళింట్లో మేడ మీద ఒంటి గది ఉంది, అక్కడ నెట్ ఆపరేటర్ వేరు, వీధి కరెంటు పోయినా నెట్ నిలిచింది. పైగా కింది మాటలు పైకి వినపడవు. అక్కడికి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి సిస్టమ్ టెస్ట్ మళ్ళీ నడిపి, ఆ తర్వాతే బుక్ చేసింది.

గది

ల్యాప్‌టాప్, మౌస్, నీళ్ళ గ్లాసు తప్ప బల్ల మీద ఇంకేమీ ఉండకూడదు. నీళ్ళకు లేబుల్ లేని పారదర్శకమైన గ్లాసు వాడితే ప్రశ్నలే రావు. మంచం మీద కూర్చోవడం కుదరదు, బల్ల, కుర్చీ కావాలి. రెండో మానిటర్ ఉంటే కేబుల్ పీకేయండి, ఆపడం చాలదు. గదిలో టీవీ ఉంటే ప్లగ్గు తీసి, మీద దుప్పటి కప్పండి. పుస్తకాల అలమర ఉన్నా పర్వాలేదు గానీ, చేతికందే దూరంలో ఉండకూడదు. గోడ మీద దేవుడి పటాలతో ఇబ్బంది లేదు; చేత్తో పాల లెక్కలు, ఫోన్ నంబర్లు రాసిన క్యాలెండర్ ఉంటే తీసి పక్క గదిలో పెట్టండి. చదువుకునేటప్పుడు గోడకు అంటించిన చీటీల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కిటికీ మీ వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది, కెమెరా గుర్తుపట్టదు. వెలుతురు ముందు నుంచో పక్క నుంచో రావాలి.

ఇంట్లో వాళ్ళకు చెప్పడం కూడా గది సర్దడంలో భాగమే. "పరీక్ష రాస్తున్న" అంటే సరిపోదు. తలుపు తీయొద్దు, కొట్టొద్దు, పిలవొద్దు, ఛాయ్ తేవొద్దు అని విడమరచి చెప్పాలి. పెద్దమ్మ ప్రేమగా "ఏమన్న తింటవా బిడ్డా?" అంటూ తలుపు తోసిందంటే, లోపలికి మనిషి వచ్చినట్టే లెక్క, పరీక్ష అక్కడే ముగించేయవచ్చు. అందుకే లోపల గడియ. కాలింగ్ బెల్ స్విచ్ కూడా ఆపేయండి.

ఆ రోజు

విండోస్ అప్‌డేట్లు ముందు రోజే కానివ్వండి. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు పెట్టి, పొద్దున ఒకసారి రీస్టార్ట్ చేసి, ఇంకేమీ తెరవకండి. టీమ్స్, ఎనీడెస్క్ లాంటివి వాటంతట అవే మొదలవుతాయి; టాస్క్ మేనేజర్‌లో చూసి మూసేయండి.

చెక్ ఇన్ పరీక్షకు 30 నిమిషాల ముందు తెరుచుకుంటుంది. తెరవగానే మొదలుపెట్టాలి. ఫోన్‌కు ఒక లింకు వస్తుంది. దాని ద్వారా మీ ముఖం, కార్డు, గదికి నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపాలి. పంపాక ఫోన్‌ను చేతికందని దూరంలో పెట్టాలి, కానీ మోగితే వినపడేలా ఉంచాలి, అవసరమైతే వాళ్ళు ఆ నంబరుకే చేస్తారు. వాచీ, ఇయర్‌ఫోన్లు తీసేయాలి. ఆ తర్వాత వరసలో మీ వంతు వచ్చేదాకా తెర ముందే కూర్చోవాలి.

పరీక్షలో మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఒక అలవాటు: ప్రశ్నను పెదాలు కదుపుతూ చదువుకోవడం. చిన్నప్పటి నుంచి పైకి చదివే చదువు మనది. గొణిగినా, ఆలోచిస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా పర్యవేక్షకుడు హెచ్చరిస్తాడు. ముందు వారం నమూనా పరీక్షలు రాసేటప్పుడే ఫోన్ కెమెరాలో మిమ్మల్ని మీరు వీడియో తీసుకుని చూస్తే, ఎన్నిసార్లు పెదాలు కదిలాయో, ఎన్నిసార్లు పక్కకు చూశారో కనిపిస్తుంది.

మధ్యలో తెగిపోతే

నెట్ పోవడం, నియమం తప్పడం రెండూ వేరు. నియమం తప్పారని ఆపేస్తే డబ్బు తిరిగి రాదు. నెట్ పోతే కుర్చీలోంచి లేవకుండా, నెట్ రాగానే అదే పరీక్షను మళ్ళీ తెరవండి. మళ్ళీ వరసలో నిలబడాల్సి వస్తుంది, కానీ రాసిన జవాబులు ఉంటాయి, ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. ఫోన్ తీసుకుని హాట్‌స్పాట్ పెట్టే ప్రయత్నం చేయకండి. కెమెరా తిరిగి వచ్చేసరికి చేతిలో ఫోన్ కనిపిస్తే అది నియమం తప్పినట్టే అవుతుంది.

ఎంతకీ తెరుచుకోకపోతే అదే రోజు పియర్సన్ వ్యూ సహాయ విభాగానికి ఫిర్యాదు చేసి కేసు నంబరు తీసుకోండి. నెట్ ఏ సమయానికి పోయింది, తెర మీద ఏ సందేశం వచ్చింది, మళ్ళీ ఎప్పుడు ప్రయత్నించారు అన్నవి మరిచిపోకముందే రాసి పెట్టుకుని, ఆ వివరాలతోనే ఫిర్యాదు పంపండి. ఆ కేసు తేలేదాకా కొత్తగా డబ్బు కట్టి మరో స్లాట్ బుక్ చేయొద్దు. మళ్ళీ రాసే అవకాశం వాళ్ళే ఇస్తే, ఈసారి ఇల్లు వదిలి కేంద్రానికి మార్చుకోవచ్చేమో అప్పుడే అడగండి.